బాడిగ ఇంటికి పెళ్లిచూపులు

మడకశిర నియోజకవర్గం 2009 నుంచి ఎస్సీలకు రిజర్వు. ఈ ఊరి తరఫున అసెంబ్లీలో కూర్చోవాలంటే ఆ కులంలో పుట్టి తీరాలి. మిద్దె మీద ఒక గది, దానికి ఆనుకుని వంటిల్లు కావాలంటే మాత్రం ఆ కులంలో పుట్టి ఉండకూడదు. అలా అనుకునే ఓనర్లు ఇక్కడున్నారు, హిందూపురంలో ఉన్నారు, ధర్మవరంలోనూ ఉన్నారు. శాసనాలు చేసిపెట్టవచ్చు గానీ మన పంపు దగ్గర బిందె పెట్టకూడదన్న మాట!

అయితే మన ఓనరు మర్యాదస్తుడు. కులమేంటని ముఖాన అడగడు. ‘మీ ఇంటిపేరేందమ్మా?’ అంటాడు. దాంతో తేలకపోతే ‘మీ ఊర్లో ఏ వీధి?’ అంటాడు. అప్పటికీ తేలకపోతే గొంతు తగ్గించి ‘తప్పుగా అనుకోవద్దు, మీరేమోళ్లు?’ అంటాడు. ఉద్యోగం ఎక్కడ, జీతమెంత, బాడిగ ఏ తారీఖుకి ఇస్తారు అన్నవి చెప్పులేసుకుని బయల్దేరేటప్పుడు గుర్తొస్తాయి.

కులం గండం గట్టెక్కితే ‘నీసు తింటారా?’ అన్నది కాచుకుని ఉంటుంది. 2014లో కేంద్రం చేసిన నమూనా నమోదు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి దాదాపు తొంభై ఎనిమిది మంది మాంసాహారులే. అంటే ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అని బోర్డు కట్టిన పెద్దమనిషి మిగిలిన ఇద్దరి కోసం ఎదురు చూస్తున్నాడు. ఆ ఇద్దరికీ సొంత ఇళ్లు ఉంటే ఆయన గతేం కాను? పైగా ఆదివారం మధ్యాహ్నం రాగిసంకటిలోకి కోడిపులుసు తిని వచ్చి ఈ ప్రశ్న అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కావలసింది కూర సంగతి కాదు, ఇంటిపేరు చెప్పని సంగతి.

ఇక పెళ్లి. ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన టీచరమ్మ ఒకావిడ ఇల్లు చూడ్డానికి వెళ్లిందనుకుందాం. ‘ఫ్యామిలీకే ఇస్తామమ్మా’ అంటాడు ఓనరు. ‘మా అమ్మా నేనూ ఉంటాం సార్, అది ఫ్యామిలీ కాదా?’ అంటుంది ఆవిడ. ‘అట్ల కాదమ్మా, ఇంట్లో మగదిక్కు...’ అని నసుగుతాడు. ఆవిడ గలాటా చేయదు. బ్యాగులోంచి పెన్ను తీస్తుంది. ‘సరే సార్, అగ్రిమెంట్ రాసుకుందాం. బాడిగ, అడ్వాన్సు, కరెంటు బిల్లు అయిపోయాక, పెళ్లి కానివాళ్లకూ ఫలానా కులం వాళ్లకూ ఇవ్వబడదని ఎన్నో షరతుగా రాయమంటారు? కింద మీరు సంతకం పెడుదురు.’

ఆ ప్రశ్నలన్నీ నోటితోనే ఎందుకు అడుగుతారో ఇక్కడ తెలుస్తుంది. అంతసేపూ ధర్మసూక్ష్మాలు చెప్పిన పెద్దమనిషికి స్టాంపు పేపరు పేరెత్తగానే ఎవరో బంధువు గుర్తొస్తాడు. ‘మా తమ్ముడికి మాటిచ్చేసినానమ్మా, మర్చిపోయినా’ అంటాడు.

ఆ తమ్ముడు నిజంగా ఉన్నాడో లేడో కనుక్కోవడం కష్టం కాదు. మర్నాడు వేరే ఇంటిపేరున్న స్నేహితురాలితో అదే నంబరుకు ఫోన్ చేయించాలి. ‘ఖాళీనే ఉందమ్మా, వచ్చి చూడండి’ అని వినబడితే తేదీ, టైము, అన్న మాటలు రాసిపెట్టుకోవాలి. ఢిల్లీ చుట్టుపక్కల పరిశోధకులు 2012లో దాదాపు ఇదే పని పెద్దయెత్తున చేశారు. కులం, మతం తెలిసే పేర్లతో ఓనర్లకు ఫోన్లు చేయించారు. అగ్రకులాల పేర్లకు దాదాపు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. దళితుల పేర్లకు చాలా మూసుకున్నాయి, ముస్లింల పేర్లకు అంతకంటే ఎక్కువ.

పెళ్లి గురించో తిండి గురించో అడిగి ఇల్లివ్వని ఓనరును శిక్షించే చట్టం మనకు లేదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సు రెండు నెలల బాడిగ దాటకూడదని లెక్క కట్టింది గానీ ఈ ప్రశ్నల జోలికి పోలేదు. అక్కడ టీచరమ్మకు ఉన్న ఆయుధం ఆ పెన్నొక్కటే. కులం మాట వేరు. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్, అంటరానితనం పేరుతో ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో ఉండనివ్వకపోవడం నేరమంటుంది. అడ్డుకున్నది ఎస్సీలనైతే, కారణం అంటరానితనమేనని కోర్టు ముందే అనుకోవాలంటుంది 12వ సెక్షన్. కాదని నిరూపించుకునే భారం ఓనరుదే. తమ్ముణ్ని సాక్ష్యానికి తెచ్చుకోవాల్సిందీ ఆయనే.

జరిమానా వంద నుంచి ఐదు వందల రూపాయలు. మడకశిరలో నెల బాడిగ అంతకు ఎన్నో రెట్లు కాబట్టి దానికి భయపడక్కర్లేదు. దాంతోపాటు నెల నుంచి ఆరు నెలల జైలు కూడా ఉంది. అడ్వాన్సు అడగని వసతి. కాకపోతే జైళ్లలో కులాన్ని బట్టి గదులూ పనులూ పంచే నిబంధనలు చెల్లవని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పక్క పరుపు మీద పడుకున్నవాడి ఇంటిపేరు అడిగి, నచ్చకపోతే గది మార్చమనే వీలు అక్కడ ఓనరుగారికి ఉండదు.