గంట గంటకూ లెక్క

మనుషులు సరిపోతారా లేదా అని అడిగితే చాలాకాలం నేను మొత్తం గంటలు కూడి జవాబు చెప్పాను. ఆ కూడిక వేయడమే నేను చేసిన తెలివితక్కువ పని. ఎలా చేశానో వివరంగా చెప్పుకోవాలనిపించింది.

ఒక చిన్న ఆసుపత్రి పక్కనున్న మెడికల్ షాపులో డ్యూటీ చార్టు వేసే పని నాది. షాపు ఉదయం 7కి తెరిస్తే రాత్రి 11కి మూస్తాం. మొత్తం ఏడుగురిని పెట్టుకున్నాం. ముగ్గురు రిజిస్టర్డ్ ఫార్మసిస్టులు, నలుగురు కౌంటర్ కుర్రాళ్ళు. ఒక్కొక్కరికి వారానికి ఒక ఆఫ్ ఉంటుంది కాబట్టి రోజుకు ఆరుగురు వస్తారు. మనిషికి 8 గంటల చొప్పున 48 గంటలు.

అవసరం ఎంతో తేల్చడంలో నేను పొరపాటు పడలేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో గంటల వారీ రిపోర్టు తీశాను. మా కౌంటర్లో ఒక మనిషి గంటకు 15 బిల్లుల దాకా చూడగలడు. ఉదయం 7 నుంచి 10 వరకు ఇద్దరు చాలు. ఓపీ మొదలయ్యాక 10 నుంచి 12 వరకు ముగ్గురు, డాక్టరుగారి గది నుంచి చీటీలు వరసగా వచ్చే 12 నుంచి 2 వరకు నలుగురు కావాలి. 2 నుంచి 5 దాకా మళ్ళీ ఇద్దరు. సాయంత్రం ఓపీకి 5 నుంచి 7 వరకు ముగ్గురు, 7 నుంచి 9 వరకు నలుగురు, ఆ తర్వాత ఇద్దరు. ఇంత చక్కగా గంట గంటకూ రాసుకుని, చివర్లో అన్నీ కలిపేశాను. 44 వచ్చింది. చేతిలో 48 ఉన్నాయి. ఇంకో మనిషి కావాలా అని మా యజమాని అడిగితే, "అక్కర్లేదు సార్, ఇంకా నాలుగు గంటలు మిగులే" అని గట్టిగా చెప్పాను.

ఏ గంటకు ఎంతమంది అన్నదే అక్కడ పనికొచ్చే సమాచారం. దాన్ని కూడిక చెరిపేసింది. ఉదయం 8 గంటలకు ఖాళీగా ఉన్న మనిషి రాత్రి 8 గంటల రద్దీకి అక్కరకు రాడు.

నేను వేసిన చార్టు అందరూ వేసేదే. ఉదయం 7 నుంచి 3 వరకు ముగ్గురు, 3 నుంచి 11 వరకు ముగ్గురు. కాగితం మీద ప్రతి గంటకూ ముగ్గురు కనిపించారు. 8 గంటల్లో ఒక గంట భోజనానికి పోతుందని తెలిసి కూడా దాన్ని చార్టులో ఎక్కడా రాయలేదు. వాళ్ళే సర్దుకుంటారనుకున్నాను. వాళ్ళు సర్దుకున్నారు కూడా. ఉదయం వాళ్ళు 12కి ఒకరు, ఒంటిగంటకు ఒకరు, 2కి ఒకరు వెళ్ళేవారు. రాత్రి 8, 9, 10 గంటలకు ఒక్కొక్కరు. ఆకలి వేసే వేళలు అవే, జనం వచ్చే వేళలూ అవే.

భోజనాలు తీసేసి లెక్క చూస్తే, 12 నుంచి 2 దాకా నలుగురు కావలసిన చోట ఇద్దరే ఉన్నారు. రాత్రి 7కి ఒకరు తక్కువ, 8కి ఇద్దరు తక్కువ. మొత్తం మీద 7 మనిషి గంటల లోటు. ఉదయం 7 నుంచి 10 దాకా, మళ్ళీ 3 నుంచి 5 దాకా ఒక్కో మనిషి చొప్పున 5 గంటలు ఊరికే పోతున్నాయి. మిగులు ఉందని నేను చెప్పిన షాపులో అసలు ఉన్నవి 42 గంటలే, కావలసినవి 44.

దీనికి తోడు లెక్కపెట్టే ఫార్ములా కూడా తప్పు రాశాను. మొదలైన గంట, దిగిపోయే గంట రెండూ కలిపి లెక్కించాను. దాంతో 3 గంటల గడిలో ఉదయం ముగ్గురు, సాయంత్రం ముగ్గురు కలిసి ఆరుగురు కనిపించారు. ఎదురుగా అంత వింత అంకె ఉన్నా షిఫ్టు మారే వేళ కదా అనుకుని ఊరుకున్నాను. 3కి దిగే మనిషి 3 గంటల గడిలో ఉండడు. ఇప్పుడు వాడుతున్నది ఇది:

```
=COUNTIFS($C$2:$C$9,"<="&G$1,$D$2:$D$9,">"&G$1)
 -COUNTIF($E$2:$E$9,G$1)
```

C వరసలో వచ్చే గంట, D లో వెళ్ళే గంట, E లో భోజనానికి లేచే గంట, పైన G1 నుంచి 7, 8, 9 అని 22 దాకా గంటలు. దీని కింద ఆ గంటకు కావలసిన సంఖ్య రాసి, ఉన్నదాంట్లోంచి తీసేస్తే లోటున్న చోట మైనస్ వస్తుంది. అలాంటి గడులకు ఎర్ర రంగు పెట్టుకున్నాను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆ చార్టులో మనుషులందరినీ ఒకే రకంగా లెక్కపెట్టాను. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. అంటే ప్రతి గంటకూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంతమంది ఉన్నారు? వాళ్ళలో ఫార్మసిస్టు ఉన్నారా? నేను మొదటిది మాత్రమే వేసుకున్నాను.

సాయంత్రం షిఫ్టులో ఒక్కరే ఫార్మసిస్టు. ఆయన 8కి భోజనానికి వెళ్ళేవారు. ఒక రాత్రి అదే గంటలో, కౌంటర్ ముందు జనం నిలబడి ఉండగా, మా కుర్రాడు ఒక పెద్దావిడకు థైరాయిడ్ మాత్రలు 25 మైక్రోగ్రాములవి ఇవ్వాల్సింది 75వి ఇచ్చాడు. సీసాలు ఒకేలా ఉంటాయి, చీటీ రాత సరిగా లేదు, వెనకనుంచి నలుగురు తొందరపెడుతున్నారు. ఫార్మసిస్టుగారు తిరిగొచ్చి చీటీ నకళ్ళు, బిల్లులు సరిచూసుకుంటూ పట్టుకున్నారు. వెంటనే బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేశారు. ఆ మాత్ర ఉదయం పరగడుపున వేసుకునేది కాబట్టి ఆవిడ ఇంకా వేసుకోలేదు. కుర్రాడు మర్నాడు నా దగ్గరకొచ్చి, "నాదే తప్పు సార్" అన్నాడు. అది వాడి తప్పు కాదు. నలుగురుండాల్సిన గంటలో ఇద్దర్ని, అదీ ఫార్మసిస్టు లేకుండా నిలబెట్టింది నేను.

చార్టు మళ్ళీ మొదట్నుంచి వేయడానికి కూర్చున్నప్పుడు, మనుషుల వీలు గురించి నేను అడిగిన తీరు కూడా తప్పేనని తెలిసింది. ఏయే రోజులు వస్తారని అడిగి టిక్కులు పెట్టించుకున్నానే తప్ప ఏయే గంటలని అడగలేదు. "ఉదయం షిఫ్టు ఓకేనా?" అంటే ఉద్యోగం చేసేవాళ్ళు ఓకే అనే అంటారు. మా ఫార్మసిస్టు మేడమ్‌ను 7 గంటలకు వేశాను. ఆమె పిల్లల్ని స్కూలుకు పంపి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి రోజూ ఆలస్యమయ్యేది. నేను దాన్ని క్రమశిక్షణ సమస్య అనుకుని రెండుసార్లు మాట కూడా అన్నాను. ఈసారి గంటల గళ్ళు గీసిన కాగితం ఒక్కొక్కరికీ ఇచ్చి, కుదిరే గంటకు టిక్కు, తప్పనిసరైతే వచ్చే గంటకు చుక్క, అసలు కుదరని గంటకు ఇంటూ పెట్టమన్నాను. మేడమ్ 9కి ముందూ రాత్రి 9 తర్వాతా ఇంటూలు పెట్టారు. ఆమె ఇల్లు పక్క వీధిలోనే. డిగ్రీ చదివే కుర్రాడికి మధ్యాహ్నం రెండున్నర తర్వాతే కుదురుతుంది. ఇన్నాళ్ళూ ఇవేవీ నాకు తెలియవు.

ఆ కాగితాలు పక్కన పెట్టుకుని చూస్తే దారి దొరికింది. ఇల్లు దగ్గరగా ఉన్న ఇద్దరికి, అంటే మేడమ్‌కూ ఒక కుర్రాడికీ, 10 నుంచి 2, మళ్ళీ 5 నుంచి 9 అని రెండు ముక్కల డ్యూటీ. ముందు వాళ్ళను అడిగాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి తింటారు కాబట్టి వాళ్ళు కౌంటర్లో పూర్తిగా 8 గంటలూ ఉంటారు. మిగిలిన నలుగురిలో ఇద్దరు 7 నుంచి 3, ఇద్దరు 3 నుంచి 11. ఉదయం వాళ్ళలో ఫార్మసిస్టు 10కి టిఫిన్‌కు, కుర్రాడు 11కి లేస్తారు. సాయంత్రం వాళ్ళలో ఫార్మసిస్టు 5కి, కుర్రాడు 6కి. రెండు ఎనిమిదులు, నాలుగు ఏడులు కలిపితే సరిగ్గా 44. అంతకన్నా ముఖ్యం, ఏ గడీ ఎర్రబడలేదు. రెండు ముక్కల డ్యూటీని చార్టులో రెండు వరసలుగా రాయాలి, అందుకే ఆరుగురికి ఎనిమిది వరసలయ్యాయి.

తర్వాత అదే లెక్క ఫార్మసిస్టులకు మాత్రం విడిగా వేశాను. ముగ్గురూ వచ్చే నాలుగు రోజులు బాగానే ఉన్నాయి. ఉదయం ఫార్మసిస్టు లేచిన గంటకూ సాయంత్రం ఫార్మసిస్టు లేచిన గంటకూ మేడమ్ ఉంటారు. ఒకరికి ఆఫ్ ఉండే మూడు రోజుల్లోనే చిక్కు. మేడమ్ ఆఫ్ రోజున 10 గంటలకూ 5 గంటలకూ ఫార్మసిస్టు ఉండరు. ఉదయం ఆయన ఆఫ్ అయితే 7 నుంచి 10 దాకా, మళ్ళీ 2 నుంచి 3 దాకా. సాయంత్రం ఆయన ఆఫ్ అయితే 3 నుంచి 5, 9 నుంచి 11. మొత్తం వారానికి 10 గంటలు. ఆ రోజుల్లో కూడా ఆరుగురూ ఉంటారు, కాబట్టి తలలు లెక్కపెట్టే చార్టులో ఇది ఎన్నటికీ కనపడదు. ఎంత అటూ ఇటూ జరిపినా పోలేదు. ముందురోజు రాత్రి 11కి దిగిన మనిషిని మర్నాడు 7కి రమ్మనడం నాకు ఇష్టం లేదు.

మా యజమానికి డి.ఫార్మసీ ఉంది, రిజిస్ట్రేషన్ కూడా ఉంది. కాగితం తీసుకెళ్ళి చూపించి, మిగులు ఉందని నేను చెప్పిన మాట తప్పని ఒప్పుకున్నాను. ఆయన ఎర్ర గళ్ళ మీద వేలు పెట్టుకుంటూ చూసి, "ఈ గంటలకు నేనొచ్చి కూర్చుంటాను. మీరు ఈ మాట ఆర్నెల్ల కింద చెప్పాల్సింది" అన్నారు. నిజమే, చెప్పాల్సింది.

ఈ చార్టులో మిగులు అన్నది లేదు. అందుకని ఒక్కో వరస తీసేసి, ఆ మనిషి రాకపోతే ఏ గంట పడిపోతుందో చూసి పెట్టుకున్నాను. రెండు ముక్కల కుర్రాడు రాకపోతే ఆ ఎనిమిది గంటల్లో ఒకరు తగ్గుతారు గానీ రద్దీ వేళ ముగ్గురైనా ఉంటారు, వరస కాస్త పెరుగుతుంది. ఉదయం కుర్రాడు రాకపోతే మాత్రం 7 నుంచి 10 దాకా, మళ్ళీ 2 నుంచి 3 దాకా ఫార్మసిస్టు ఒక్కరే మిగులుతారు. ఆ నాలుగు గంటలు నేను వెళ్ళి బిల్లింగ్ చేస్తాను.

రాత్రి 11 దాకా ఉండేవాళ్ళను 5కీ 6కీ తినమనడం మాత్రం నాకు మింగుడు పడలేదు. చివరి నాలుగైదు గంటలు కూర్చోకుండా నిలబడతారు. 5 నుంచి 9 దాకా ఒక పూట మనిషి దొరికితే 7కి ఐదుగురు, 8కి ఐదుగురు అవుతారు. అప్పుడు ఫార్మసిస్టుగారు 7కి, కుర్రాడు 8కి అన్నం తినొచ్చు, కౌంటర్లో నలుగురికి తగ్గరు. ఆ నాలుగు గంటలకు మనిషిని తీసుకుందామని ఈసారి నేనే అడిగాను, గంటల కాగితం ముందు పెట్టి. యజమాని సరేనన్నారు.