తీసేసినా జీతం ఆగని కాపలాదారు

పండగ సేల్ వచ్చింది, ల్యాప్‌టాప్ ప్రకటనల్లో ‘ఏడాది ఉచిత యాంటీవైరస్’ మళ్ళీ మెరుస్తోంది. ఎంత ధర్మబుద్ధి! విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ముందే ఉంటుంది, నయాపైసా అడగదు. ఈ ఉచిత అతిథి రాగానే అది పక్కకు తప్పుకుంటుంది. ఉచితంగా ఉన్నదాన్ని కూర్చోబెట్టి ఇంకో ఉచితం ఇవ్వడం దేనికంటే, రెండోది చాలాసార్లు కార్డు నంబరు అడుగుతుంది కాబట్టి. కార్డు ఇవ్వనివారికి భయపెట్టే పాప్-అప్‌లతోనే పోతుంది. ఇచ్చినవారికే అసలు కథ.

వద్దనుకున్నవాడు ఏం చేస్తాడు? Uninstall నొక్కుతాడు. ప్రోగ్రామ్ పోతుంది, చందా మాత్రం పోదు. కాపలాదారును పనిలోంచి తీసేసినా జీతం నెలనెలా అతని ఇంటికి పోతున్నట్టు! ప్రోగ్రామ్ ఉండేది మీ యంత్రంలో, చందా ఉండేది కంపెనీ ఖాతాలో. ఒకటి తీస్తే రెండోదానికి చెప్పే బాధ్యత ఎవరిదీ కాదట. పోనీ, గడువు చివరి రోజున రద్దు చేద్దామంటే అదీ కుదరదు. పునరుద్ధరణ సొమ్మును గడువుకు దాదాపు నెల ముందే లాగేసుకునే ఏర్పాటు ఉంది. క్యాలెండర్‌లో గడువు తేదీ గుర్తుపెట్టుకున్న జాగ్రత్తపరుడే ఇక్కడ మోసపోతాడు. తొలి ఏడాది చూపిన చవక ధర రెండో ఏడాదికి ఉండదన్నది సరేసరి.

‘షరతుల్లో రాశాం, చదవకపోవడం మీ తప్పు’ అంటారు. ఈ మాట చెల్లదని 2009లోనే తేలింది. న్యూయార్క్ అటార్నీ జనరల్ దర్యాప్తు తర్వాత నార్టన్ అమ్మే సిమాంటెక్, మెకాఫీ చెరో 3,75,000 డాలర్లు కట్టాయి; అక్కడ ఫిర్యాదు సరిగ్గా ఇదే, స్పష్టంగా చెప్పకుండా పునరుద్ధరించడం. 2021లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థకు మెకాఫీ, నార్టన్ మళ్ళీ హామీలు ఇవ్వాల్సి వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత కూడా అదే తగాదా అంటే అది పొరపాటు కాదు, వ్యాపారం. మరచిపోయేవాడి మతిమరుపును ఆదాయంగా లెక్కవేసుకోవడం సిగ్గుమాలిన పని. మన దగ్గర 2023 నవంబరు మార్గదర్శకాలు చందా ఉచ్చును డార్క్ ప్యాటర్న్‌ల జాబితాలో చేర్చాయి, సంతోషం.

‘ఆటో-రెన్యువల్ లేకపోతే రక్షణ ఆగిపోదా?’ ఆగదు; ఆ అతిథి పోగానే డిఫెండర్ మళ్ళీ లేస్తుంది. అయితే సాగనంపే క్రమం ముఖ్యం. మొదట, ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు ఇచ్చిన మెయిల్‌తో కంపెనీ ఖాతాలోకి వెళ్ళి Auto-Renewal ఆపాలి, ధ్రువీకరణ మెయిల్ దాచుకోవాలి. తర్వాత బ్యాంకు దగ్గర ఆ కార్డుపై ఉన్న ఈ-మాండేట్ రద్దు చేయాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు పోవడానికి కనీసం 24 గంటల ముందు రావాల్సిన సందేశం దీనిదే, ఓటీపీల గుంపులో చదవకుండా చెరిపేది. ఆపైనే Uninstall. చివరగా Windows Security తెరిచి, Virus & threat protection కింద డిఫెండర్ పనిచేస్తోందో లేదో చూడాలి. అక్కడ ఇంకా పాత అతిథి పేరే కనిపిస్తే, అది పూర్తిగా పోలేదు. కంపెనీ వారి తొలగింపు సాధనం విడిగా దింపుకోవాలి. అవును, తమను తీసేయడానికి కూడా వాళ్ళే ఇంకో ప్రోగ్రామ్ ఇస్తారు. ఇది మాత్రం నిజంగానే ఉచితం.