5 ^ 3 ఎంతండీ బాబూ?

ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే జంగారెడ్డిగూడెంలో ఫ్లెక్సీల ముఖాలు మారిపోతాయి. మొన్నటిదాకా ఈఏపీసెట్ ర్యాంకర్లు నవ్విన చోట ఇప్పుడు సూడో కోడ్ నవ్వుతోంది. పది రోజుల్లో పట్టు, ఇరవై రోజుల్లో ఉద్యోగం, ఫీజు రెండు వాయిదాల్లో. బుట్టాయగూడెం నుంచి, కొయ్యలగూడెం నుంచి ఏలూరుకో రాజమండ్రికో రోజూ బస్సెక్కి ఇంజనీరింగ్ చదివిన పిల్లలు నాలుగేళ్ల చదువు ముగిశాక ఈ పది రోజుల చదువు కోసం మళ్లీ వరసలో నిలబడుతున్నారు.

సూడో కోడ్ అంటే ఏ భాషకూ చెందని ప్రోగ్రామని ఈపాటికి జిల్లాలో చంటిపిల్లలకూ తెలుసు. కంపెనీలు చెప్పే గొప్ప కూడా అదే: మాకు భాష ముఖ్యం కాదు, తర్కం ముఖ్యం. సీ వచ్చినవాడు, జావా వచ్చినవాడు, పైథాన్ వచ్చినవాడు, అందరూ ఒక్కటే. ఎంత సమానత్వమో! ఈ సమానత్వం కోసం ఇన్ఫోసిస్ పరీక్షలో 5 ప్రశ్నలకు 10 నిమిషాలు, క్యాప్‌జెమినీ పరీక్షలో 25 ప్రశ్నలకు 25 నిమిషాలు ఇచ్చిన ఏళ్లున్నాయి. అంటే నిమిషానికో, మహా అయితే రెండు నిమిషాలకో తర్కం.

తర్కం ఎలా ఉంటుందో చూద్దాం. ఇది ఏ కంపెనీ పేపరులోనిదీ కాదు, ఆ అచ్చులో పోసిన నమూనా.

```
Set a = 7, b = 2, c = 0
while (a > 0)
    c = c + (a / b)
    a = a - b
end while
Print c
```

జవాబుల్లో 4, 6, 7, 8 ఉంటాయనుకోండి. రఫ్ కాగితం మీద a, c అని రెండు గడులు గీసుకుని ఒక్కో చుట్టుకూ విలువలు రాసుకుంటూ పోవాలి. b ఎప్పుడూ 2 గనక దానికి గడి అక్కర్లేదు. మొదటి చుట్టులో a 7. దాన్ని 2తో భాగిస్తే 3, కాబట్టి c 3 అయింది, a 5కి దిగింది. రెండో చుట్టులో 5ను భాగిస్తే 2, c 5, a 3. మూడో చుట్టులో 3ను భాగిస్తే 1, c 6, a 1. ఒకటి సున్నా కన్నా పెద్దదే కదా, కాబట్టి నాలుగో చుట్టు కూడా తిరగాలి. 1ని భాగిస్తే 0, c ఆరు దగ్గరే ఉంది, a మాత్రం -1కి పడిపోయింది. అక్కడ ఆగుతుంది. జవాబు 6.

ఇప్పుడు పక్క బెంచీ కుర్రాడి కాగితం చూడండి. వాడి చెయ్యి పైథాన్‌కు అలవాటు పడింది. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి అక్కడ 7ను 2తో భాగిస్తే మూడున్నరే వస్తుంది, మూడు రాదు. వాడి గడుల్లో c వరసగా 3.5, 6, 7.5, 8. నాలుగు చుట్లూ తిరిగాడు, ఒక్క విలువా తప్పు రాయలేదు, 8 మీద టిక్కు పెట్టాడు. పేపరులో 8 ఉంది మరి, ఎందుకు పెట్టడు? అయితే కీలో జవాబు 6. పై వరసలో Integer అన్న ఒక్క మాట ఉంటే గొడవే ఉండేది కాదు. కొన్ని ప్రశ్నల్లో అది ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఉన్నదీ లేనిదీ ప్రశ్న రాసినాయన ఆ పూట ఓపికను బట్టి.

అసలు వినోదం మూడో కుర్రాడిది. కంగారులో a > 0ని a > 1 అని చదివాడు. మూడో చుట్టు కాగానే a ఒకటైంది కదా అని ఆపేశాడు. వాడి c కూడా 6! షరతే తప్పు చదివిన కుర్రాడికి పూర్తి మార్కు, నాలుగు చుట్లూ తప్పు లేకుండా తిరిగిన కుర్రాడికి గుండుసున్నా. ఈ పరీక్ష కొలిచింది తర్కాన్నేనట. తర్కం తెలిసినవాళ్లెవరైనా కంపెనీల్లో మిగిలి ఉంటే దయచేసి ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

ఇక టోపీ గుర్తు దగ్గరికి వద్దాం. కీబోర్డు మీద ఆరు అంకె నెత్తిన కూర్చునే ఆ ^ గుర్తే. సూడో కోడ్ పేపర్లు రాసేవాళ్లకు దీని మీద ఉన్నంత మమకారం సొంత బిడ్డల మీద కూడా ఉండదేమో. నాలుగు ప్రశ్నలకోసారి అది తల ఎత్తుతుంది. `Print 5 ^ 3`. ఎంత?

బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ చేసిన సీ భాషలో ఆ గుర్తుకు అర్థం ఎక్స్ఓఆర్. రెండు సంఖ్యలనూ బిట్లుగా రాసుకుని, ఒక్కో స్థానంలో రెండూ ఒకటే అయితే 0, వేరైతే 1 వేయాలి. 5 అంటే 101, 3 అంటే 011. పోల్చుకుంటే 110, అంటే 6. బాగుంది. బేసిక్ భాషలో అదే గుర్తుకు ఘాతం అని అర్థం. ఐదు ఘాతం మూడు, 125. అదీ బాగుంది. భాషే లేని సూడో కోడ్‌లో దానికి అర్థమేమిటి? ఎవరూ చెప్పరు. జవాబుల్లో మాత్రం 6, 125 పక్కపక్కనే కొత్త దంపతుల్లా కూర్చుని ఉంటాయి.

ఇంతకన్నా ముచ్చట ఇంకోటుంది. యాక్సెంచర్ సాంకేతిక పరీక్షలో సూడో కోడ్‌తో పాటు ఎంఎస్ ఆఫీసు కూడా ఒక భాగంగా వస్తుంటుంది. ఎక్సెల్ గడిలో `=5^3` అని కొడితే 125 వస్తుంది. అక్కడ ఎక్స్ఓఆర్ కావాలంటే `=BITXOR(5,3)` అని రాయాలి, అప్పుడొస్తుంది 6. అంటే ఒకే కుర్చీలో, ఒకే తెర ముందు, ఒకే గంటలో ఎక్సెల్ ప్రశ్న దగ్గర ఆ గుర్తును ఘాతం అనుకున్నవాడు తెలివైనవాడు. సూడో కోడ్ ప్రశ్న దగ్గర కూడా అలాగే అనుకుంటే తర్కం లేనివాడు. పిల్లవాడు మారలేదు, గుర్తు మారలేదు, ఐదూ మూడూ మారలేదు. తెర మీద శీర్షిక మారిందంతే!

డిగ్రీ చదువుతూ సాయంత్రం పూట ఊళ్లోనే ఏదో కంప్యూటర్ సెంటరులో ఎక్సెల్ నేర్చుకున్న పిల్ల 125 అని పెడుతుంది. ఆమెకు తెలిసినది తప్పు కాదు. ప్రపంచమంతా జీతాల లెక్కలు, వడ్డీ లెక్కలు చేసుకునే సాఫ్ట్‌వేర్‌లో అదే సరైన జవాబు. ఆ కంపెనీల సొంత అకౌంట్స్ విభాగంలో కూడా అదే సరైన జవాబు.

ఇక నవ్వడం కష్టం. ఏ భాషా అక్కర్లేదని గేటు దగ్గర చెప్పి, లోపల సీ భాష నియమాలతో దిద్దడాన్ని తెలుగులో మోసం అంటారు. మొదటి ఏడాది సీ ల్యాబ్ సరిగా నడవని కాలేజీ పిల్లలకు ఆ నియమాలు ఎక్కడి నుంచి వస్తాయి? క్రాష్ కోర్సు నుంచి. "భాగహారం వస్తే చుక్క తర్వాతది కొట్టెయ్. టోపీ వస్తే ఎక్స్ఓఆర్." పది రోజుల కోర్సులో అమ్మే సరుకులో సగం ఇదే. ప్రశ్నపత్రం మొదటి పేజీలో ఉచితంగా ఉండాల్సిన రెండు వాక్యాలను కుర్రాళ్లు ఇంటి డబ్బుతో కొనుక్కుంటున్నారు.

`a++ + ++a` సంగతి ఒక్క పేరాలో ముగిద్దాం, ఎక్కువ చెబితే రక్తపోటు. a 5 అయితే జావాలో ఇది 12. పైథాన్‌లో ++ అనే గుర్తే లేదు, కాబట్టి అది ఆ ప్లస్‌లన్నిటినీ ఒక కూడికగానూ మిగతావి ఉత్త ధన గుర్తులుగానూ తీసుకుని మారుమాట లేకుండా 10 అంటుంది. సీ భాష ప్రమాణం అయితే దీని ఫలితం నిర్వచించలేదని తేల్చేసింది, కంపైలర్ ఏమిచ్చినా అడిగే దిక్కు లేదు. ఆ భాష పెద్దలే జవాబు లేదన్న ప్రశ్నకు మన పేపరు సెట్టరు నాలుగు జవాబులిచ్చి, ఒకటి సరైనదంటాడు.

-7ను 3తో భాగిస్తే మిగిలే శేషం సీలో -1, పైథాన్‌లో 2. రెండూ ఆప్షన్లలో ఉంటాయి, ఇంకేం చెప్పాలి?

ఈ పరీక్షల్లోనే తగిలే ఫ్లోచార్టులకు ఒక్క ముక్క చాలు. వివరమైన ఫ్లోచార్టుకు కాలం చెల్లిందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ పుస్తకంలో రాశాడు. మనవాళ్లు ఆ పెట్టెలకూ బాణాలకూ ఇంకా కట్ ఆఫ్ మార్కులు పెడుతున్నారు.

విలువలను గడుల్లో రాసుకుంటూ ప్రోగ్రామును చేత్తో నడిపించడం పనికిమాలిన విద్యా అంటే, కానే కాదు. లూపు ఒక చుట్టు ఎక్కువ తిరుగుతోందో తక్కువ తిరుగుతోందో పట్టుకోవడానికి ఇవాళ్టికీ అంతకన్నా నమ్మకమైన దారి లేదు. కోపం విద్య మీద కాదు, ఆట నియమాలు దాచిపెట్టి పందెం కాసేవాళ్ల మీద.

నియమాలు చెప్పి అడిగేవాళ్లు ఈ దేశంలోనే ఉన్నారు. గేట్ పరీక్షలో కోడ్ ఇచ్చినప్పుడు ఇది సీ ప్రోగ్రామని ప్రశ్నలోనే రాస్తారు. కుర్రాడు తప్పితే తప్పు వాడిదే, పేచీ లేదు. అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే ఏపీ కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్ పరీక్షలోనూ సూడో కోడే అడుగుతారు. అక్కడ కాలేజ్ బోర్డు ప్రతి పిల్లవాడికీ ఒక రిఫరెన్స్ పత్రం ఇస్తుంది. MOD అంటే శేషమని, జాబితాలో మొదటి వస్తువు సంఖ్య 1 అని అందులో రాసి ఉంటుంది. MOD దగ్గర రుణ సంఖ్యలు రావని కూడా ముందే రాసిపెట్టారు. పైన చెప్పిన -7 గొడవ వాళ్లకు తెలుసు గనకే తలుపు ముందే మూసేశారు. పదిహేడేళ్ల పిల్లకు అక్కడ ఇచ్చే పత్రం, ఉద్యోగం కోసం నాలుగేళ్లు చదివిన ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇక్కడ దొరకదు.

జంగారెడ్డిగూడెం పొగాకు వేలం కేంద్రంలో కూడా బేలు తూకం వేసి, గ్రేడు రాసిన చీటీ దాని మీద పెట్టాకే కొనేవాళ్లు ధర పాడతారు. పొగాకుకున్న ఆ మర్యాద పిల్లలకు కూడా దక్కితే బాగుండును.

కాబట్టి కాలేజీల ప్లేస్‌మెంట్ అధికారులకు ఒక విన్నపం. క్యాంపస్‌కు వచ్చే కంపెనీ ప్రతినిధులకు శాలువాలు తర్వాత కప్పవచ్చు. ముందుగా నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: మీ పేపరులో పూర్ణాంకాల భాగహారం ఫలితం ఏమిటి, టోపీ గుర్తుకు అర్థం ఏమిటి, రుణ సంఖ్య శేషానికి గుర్తు ఏమిటి, అర్రేలో లెక్క సున్నాతో మొదలా ఒకటితోనా? జవాబులను పరీక్షకు ముందే నోటీసు బోర్డు మీద అతికించండి. ఈ నాలుగు వాక్యాలు రాసివ్వలేని కంపెనీకి మీ పిల్లల తర్కాన్ని కొలిచే అర్హత లేదు.