ఫోన్ తప్ప అన్నీ మార్చబడును

తెనాలిలో ఒక లెక్కల మాస్టారు ఉన్నారనుకుందాం. ఆయనకు పేరు పెట్టక్కర్లేదు, అలాంటివాళ్లు ప్రతి సర్వీస్ సెంటర్ బెంచీ మీదా టోకెన్ పట్టుకుని కూర్చునే ఉంటారు. మాస్టారు 18,499 రూపాయలు పోసి ఒక ఫోన్ కొన్నారు. ఏడాది వారంటీ. మూడో నెల నిండకుండానే ఫోన్‌కు ఒక జబ్బు పట్టుకుంది. కాల్ కాస్త పొడుగైతే చెవి కాలేంత వేడెక్కడం, ఆపైన దానంతటదే ఆగిపోవడం. వియ్యంకుడితో పెట్టుపోతల సంగతి మాట్లాడుతుండగా అలా ఆగిపోయేసరికి, మాస్టారే కోపమొచ్చి పెట్టేశారని అవతలి ఇంట్లో పెద్ద చర్చ నడిచింది.

కంపెనీ వారి అధీకృత సర్వీస్ సెంటర్ గుంటూరులో ఉంది. మొదటిసారి వెళ్తే సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించారు. ఆ దెబ్బకు మనవరాలి అన్నప్రాశన ఫొటోలు పోయాయి, వేడి మాత్రం పోలేదు. రెండోసారి బ్యాటరీ మార్చారు. మూడోసారి మదర్‌బోర్డు మార్చారు. నాలుగోసారి ఛార్జింగ్ బోర్డు, డిస్‌ప్లే రెండూ మార్చారు. లెక్కల మాస్టారు కాబట్టి ఇంటికొచ్చి తీసివేత చేసి చూసుకున్నారు. తను డబ్బులిచ్చి కొన్న ఫోన్‌లో ఇంకా తనదంటూ మిగిలింది వెనక మూత, చుట్టూ ఉన్న చట్రం, సిమ్ పెట్టుకునే ట్రే. లోపలి సామానంతా మార్చడానికి చేతులు వచ్చిన కంపెనీకి ఫోన్ మార్చడానికి మాత్రం రావడం లేదు.

“ఇక నాకు రిపేరు వద్దమ్మా, కొత్త ఫోన్ ఇప్పించండి” అన్నారు మాస్టారు.

“మా సిస్టంలో రీప్లేస్‌మెంట్ ఆప్షనే లేదండీ” అంది కౌంటర్లో అమ్మాయి.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. చాలా సర్వీస్ సెంటర్లు కంపెనీవి కావు, కంపెనీ దగ్గర కాంట్రాక్టు తీసుకున్న వేరే వ్యాపారులవి. రిపేరు చేసినందుకు కంపెనీ నుంచి వాళ్లకు ఇంత అని ముడుతుంది. ఫోన్ మార్చే అనుమతి ఎక్కడో పైన ఉంటుంది. ఆ పైన ఎవరున్నారో ఆ అమ్మాయికీ తెలియదు. కాబట్టి కౌంటర్ దగ్గర గొంతు పెంచితే బీపీ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

మన జనంలో ఒక గట్టి నమ్మకం ఉంది, మూడుసార్లు రిపేరుకు ఇస్తే నాలుగోసారి కొత్తది ఇచ్చి తీరాలని. బస్సులో పక్క సీటాయన దీన్ని సెక్షన్ నంబరుతో సహా చెబుతాడు. అలాంటి సెక్షన్ మన దేశంలో లేదు. పైగా కంపెనీ చేతిలో వేరే కాగితం ఉంది. రిపేరు చేయాలా, మార్చాలా అన్నది తమ ఇష్టమేనని వారంటీ షరతుల్లోనే చిన్నచిన్న అక్షరాల్లో రాసి పెట్టుకుంటుంది. దీనికి బలమైన ఆసరా కూడా దొరికింది. 2006లో మారుతీ ఉద్యోగ్ కంపెనీకీ ఒక కారు కొనుగోలుదారుకీ నడిచిన కేసులో, వారంటీ ప్రకారం మార్చాల్సింది చెడిన భాగాన్నే తప్ప కారు మొత్తాన్ని కాదని సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీల లాయర్లకు ఆ తీర్పు కంఠతా వచ్చు.

అయితే ఆ తీర్పుకు ఒక తలుపు ఉంది. తయారీలోనే లోపం ఉందని రుజువైతే కథ మారుతుంది. 2010లో ఫియట్ కారు కేసులో, స్వతంత్ర నిపుణుడు చూసి తయారీ లోపమేనని తేలిస్తే కారు ధర వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలని అదే సుప్రీంకోర్టు అంది. కారుకు పనికొచ్చిన వాదన ఫోన్‌కూ పనికొస్తుంది. ఒకే జబ్బు, ఎన్ని భాగాలు మార్చినా తగ్గని జబ్బు, పుట్టుకతో వచ్చిందని చూపించగలగాలి. చిక్కల్లా ఆ ఆసుపత్రి రికార్డు రాసేది అవతలివాళ్లు కావడమే.

మాస్టారు తన జాబ్‌షీట్లు నాలుగూ బల్ల మీద పరిచి చూస్తే ఈ సంగతి బోధపడింది. ఆయన నాలుగుసార్లూ చెప్పింది ఒకే మాట, కాల్‌లో వేడెక్కి ఆగిపోతోందని. షీట్లలో మాత్రం వరసగా ‘హ్యాంగ్’, ‘బ్యాటరీ బ్యాకప్ తక్కువ’, ‘నెట్‌వర్క్’, ‘ఛార్జింగ్ సమస్య’ అని ఉంది. ఎవరో కుట్ర పన్ని రాశారని కాదు. కంప్యూటర్లో ఆ డబ్బాలో ఎంచుకోవడానికి ఉన్న పేర్లు అవే, చేతికి దొరికింది నొక్కారు. కానీ రేపు వినియోగదారుల కమిషన్లో ఆ నాలుగు కాగితాలూ పెడితే కనబడేది నాలుగు వేర్వేరు చిన్న జబ్బులు, నాలుగూ నయమైపోయాయి. పెద్ద జబ్బు ఉన్నట్టే ఎక్కడా ఉండదు. ‘పరీక్షించాం, లోపం కనబడలేదు’ అని ఒక షీట్లో రాస్తే మరీ ముచ్చట. ఆ రోజు ఫోన్ ఆరోగ్యంగా ఉండి, మాస్టారే జబ్బుపడ్డట్టు లెక్క.

అందుకని ఐదోసారి మాస్టారు బల్లకు ఇటువైపు నుంచే డిక్టేషన్ మొదలుపెట్టారు. “కాల్‌లో వేడెక్కి ఆఫ్ అవుతోంది, గతంలో నాలుగుసార్లు ఇదే ఫిర్యాదు, పాత జాబ్‌షీట్ నంబర్లు ఇవి, రిపేరు కాదు రీప్లేస్‌మెంట్ కోరుతున్నారు, అని రాయమ్మా.” డబ్బాలో అంత పట్టదంది ఆ అమ్మాయి. అయితే రిమార్కుల్లో రాయమన్నారు. అక్కడా కుదరదంటే ప్రింటు తీసిన కాపీ మీద తన చేత్తో రాసి, స్టాంపు వేయించుకున్నారు. బయటికొచ్చి చెట్టు కింద నిలబడి, అవే మాటలు కంపెనీ ఫిర్యాదుల మెయిల్‌కు జాబ్‌షీట్ ఫొటోతో పంపారు. సెంటర్ కంప్యూటర్లో ఏం నొక్కినా, ఆ రోజు ఆయన ఏమన్నారన్నది ఇప్పుడు ఆయన దగ్గర తేదీతో సహా ఉంది. ఫోన్ వేడెక్కి ఆగిపోవడాన్ని ఇంట్లోవాళ్ల ఫోన్‌తో వీడియో తీయడం కూడా ఈ కోవలోదే.

ఫోన్ అప్పజెప్పేముందు ఇంకో ముచ్చట ఉంది. చాలా ఫోన్లలో సిమ్ ట్రే గూటిలోనో లోపలో ఒక బుల్లి తెల్ల స్టిక్కరు ఉంటుంది. తడి తగిలితే ఎర్రబడుతుంది. అది ఎర్రబడిందంటే ‘నీళ్లలో పడింది, వారంటీ చెల్లదు’ అనే మాట ఖాయం. ట్రే తీసి, స్టిక్కరు బయటికి కనబడేదైతే దాన్నీ, ఫోన్ నాలుగు మూలల్నీ కౌంటర్ మీదే ఫొటో తీసుకున్నవాడికి ఆ మాట చెప్పడం కాస్త కష్టం. ‘మూల సొట్ట’ అనే మాట కూడా అంతే.

తిరిగి తీసుకునేటప్పుడు ఓటీపీ అడుగుతారు. అది చెప్పగానే కంప్యూటర్లో ఫిర్యాదు ‘పరిష్కారమైంది’ కింద మూసుకుపోతుంది. మాస్టారు ఓటీపీ చెప్పకముందే డెలివరీ కాగితం మీద ‘తీసుకున్నాను, పనితీరు ఇంకా చూడలేదు’ అని రాసి సంతకం పెట్టారు. ఆ తర్వాత *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు చూసుకున్నారు. మదర్‌బోర్డు మార్చినప్పుడు ఆ నంబరు మారిపోవచ్చు. అప్పుడు బిల్లులో ఒక నంబరు, చేతిలో ఇంకో నంబరు. రేపు ‘ఇది మేం అమ్మిన ఫోనే కాదు’ అన్నా అనగలరు. మారితే పాత, కొత్త నంబర్లు రెండూ రాసి ఇమ్మని అడగాలి. మాస్టారి ఫోన్‌కు మూడోసారే మారిపోయింది, ఎవరూ చెప్పలేదు.

ఇక చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, లోపం రుజువైతే జిల్లా కమిషన్ లోపాన్ని సరిచేయమనవచ్చు, అలాంటిదే లోపం లేని కొత్త వస్తువు ఇమ్మనవచ్చు, కట్టిన డబ్బు వడ్డీతో తిరిగివ్వమనవచ్చు, నష్టపరిహారమూ వేయవచ్చు. ఆప్షన్ లేనిది సర్వీస్ సెంటర్ సిస్టంలోనే, చట్టంలో ఉంది. అందుకే ఫిర్యాదులో ‘కొత్త ఫోన్, లేదా ధర వాపసు’ అని రెండూ అడగడం తెలివైన పని. ఏడాది తిరిగేసరికి ఆ మోడలే బజార్లో లేకుండా పోవడం మామూలే.

మాస్టారు ముందు 1915కు ఫోన్ చేశారు, తన ఫోన్‌తో కాదు లెండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కంపెనీకి విషయం చేరవేస్తుంది, కొన్ని పనులు అక్కడే తెమిలిపోతాయి. కానీ అది ఆదేశం ఇచ్చే కోర్టు కాదు. ఆయన సంగతిలో అక్కడినుంచి వచ్చిన జవాబు మళ్లీ ‘దయచేసి మా సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి’ అనే. దాంతో పదిహేను రోజుల గడువిచ్చి నోటీసు పంపారు. తర్వాత కమిషన్ గడప తొక్కారు.

తెనాలివాసి ఢిల్లీలోనో గురుగ్రామ్‌లోనో ఉన్న కంపెనీ వెంట పరిగెత్తక్కర్లేదు. ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోటే వేసుకోవచ్చని 34వ సెక్షన్ చెబుతోంది. ఐదు లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. అమ్మిన షాపునూ, సర్వీస్ సెంటర్‌నూ, తయారీ కంపెనీనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే షాపాయన ‘వారంటీ కంపెనీది, నాకేం సంబంధం’ అంటాడు, కంపెనీ ‘సెంటర్ సరిగా చేయలేదేమో’ అంటుంది, సెంటర్ తాళం వేసుకుని భోజనానికి వెళ్తుంది.

ఇక్కడ మాస్టారికి ఒక బలహీనత ఉంది, దాచడం దేనికి. కంపెనీ లాయరు ‘తయారీ లోపమని నిపుణుడి నివేదిక ఏదీ’ అని అడగొచ్చు. పరీక్షిస్తే గానీ తేలని లోపమైతే వస్తువును సీలు వేయించి ల్యాబ్‌కు పంపే అధికారం 38వ సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. అందుకు రుసుము ఫిర్యాదుదారు నుంచి కట్టించుకోవచ్చు. ఆలస్యమూ అవుతుంది. వారంటీలో పదేపదే రిపేరుకు వచ్చిందన్న జాబ్‌షీట్లనే సాక్ష్యంగా తీసుకున్న కమిషన్లు ఉన్నాయి. అయితే ఆ షీట్లు ఒకే కథ చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, విసుగెత్తి బయట రిపేరు కొట్లో ఫోన్ విప్పించకూడదు. మూత తెరిచాడంటే కేసు మూసినట్టే.

కమిషన్ నోటీసు అందాక కంపెనీ స్వరం ఒక్కసారిగా తేనె అయింది. ‘మా విలువైన కస్టమర్ కోసం, ప్రత్యేక కేసుగా’ ఫోన్ మార్చి ఇస్తామని ఒక మేనేజరు గారు ఫోన్ చేశారు. లేని ఆప్షన్ ఎక్కడినుంచి మొలిచిందో అడగకుండా మాస్టారు మూడే ప్రశ్నలు వేశారు. కొత్తదా, బాగుచేసిన పాతదా? వారంటీ కొత్తగా ఏడాదా, పాతదాంట్లో మిగిలిన నెలన్నరేనా? కేసు వెనక్కి తీసుకోమనే కాగితం మీద సంతకం ఫోన్ చేతికొచ్చాకా, ముందా? చివరి ప్రశ్నకు అవతల కాసేపు నిశ్శబ్దం. ‘ముందు సంతకం పెడితే మూడు రోజుల్లో కొరియర్లో...’ అన్నారు మేనేజరు గారు.

మాస్టారు ఒప్పుకోలేదు. రాజీ షరతులు కాగితం మీద పెట్టి, ఇద్దరి సంతకాలతో కమిషన్ ముందే దాఖలు చేసి, ఆ ప్రకారం ఉత్తర్వు ఇమ్మని కోరారు. ఉత్తర్వు అయ్యాక కంపెనీ మాట తప్పితే 72వ సెక్షన్ ఉంది. నెలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000కు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కనీస జరిమానా కూడా ఫోన్ ధర కంటే 6,501 రూపాయలు ఎక్కువేనని మాస్టారు మేనేజరు గారికి లెక్క కట్టి చెప్పారు.