బర్రె పోయింది, యాస దొరకలేదు

మా మిత్రుడొకడు రేడియో నాటిక రాసుకొచ్చాడు. మొదట మామూలు కథనంగా ఉండేదట: "మల్లయ్య పొద్దున్నే లేచి కొట్టంలోకి వెళ్లి చూశాడు. గేదె లేదు. కంగారుపడి భార్యను అడిగాడు. ఆమె తనకు తెలియదంది." దానికి తెలంగాణ యాస పూశానని చదివి వినిపించాడు: "గా మల్లయ్య గిప్పుడు గా కొట్టంలోకి వెళ్లాడు బిడ్డా!"

గకారాలు తుడిచేసి చూడమన్నాను. తుడిస్తే మల్లయ్య అచ్చంగా బెజవాడ మనిషి. యాస ఉండేది క్రియ చివర. "వెళ్లాడు"ను "పోయిండు" చేయకుండా ఎన్ని గకారాలు చల్లినా లాభం లేదు. "రావడం లేదు" అన్నచోట "వస్త లేడు" అనాలి. అది కుదిరాక గకారాలు సగం తీసేసినా వినేవాడికి ఊరు తెలుస్తుంది.

రెండో చిక్కు రేడియోది. మల్లయ్య కంగారు ఎవరికి కనిపిస్తుంది? గేదె లేకపోవడం ఎలా వినిపిస్తుంది? పేజీ మొత్తం కొట్టేసి ఇలా రాశాం:

(ఖాళీ గొలుసు నేలన పడ్డ చప్పుడు)

మల్లయ్య: లచ్చీ! ఓ లచ్చీ! కొట్టంల బర్రె ఏదే?

లచ్చవ్వ: (దూరం నుంచి) నన్నడుగుతవేంది? రాత్రి కట్టేసింది ఎవలు?

మల్లయ్య: నేనే కట్టేసిన! గొలుసున్నది, బర్రె లేదు.

లచ్చవ్వ: (దగ్గరికొస్తూ) అయితే గొలుసుకే పాలు పిండు!

మొదటి మాటలోనే పేరు పిలవకపోతే ఎదుట ఉన్నది పెళ్లామో పక్కింటావిడో శ్రోతకు తెలీదు. "దూరం నుంచి" అంటే నటి మైకుకు నాలుగడుగులు వెనక్కి జరగాలి. వాకిలి, కొట్టం అన్నీ ఆ నాలుగడుగుల్లోనే. "తెలియదంది" అన్న వాక్యానికి బదులు వచ్చింది ఎదురు ప్రశ్న. ఊళ్లో ఏ భార్యా "నాకు తెలియదు" అని ఊరుకోదు గనక అదే నిజం.

రెండో పేజీలో మల్లయ్యే "ఏమప్పా, యాడికి పోతాండావు?" అంటున్నాడు. రాత్రికి రాత్రి కడప బస్సెక్కినట్టున్నాడు. తెలంగాణలో "వచ్చిండు", సీమలో "వచ్చినాడు". రెండూ ఒకే నోట పలికితే అతనికి ఓటు హక్కు ఎక్కడో తేల్చడం కష్టం. కథ సీమలోనే పెట్టుకుంటే "ఎనుము యాడికి పోయిందే? కట్టేసినావా లేదా?" అని మొదటినుంచీ రాసుకోవచ్చు. అప్పుడు బర్రెకూ పేరు మారుతుంది.

ఇంకోటి నాకు అసలు మింగుడుపడలేదు. నాటికలో మల్లయ్యకు, దొంగకు యాస. ఎస్సైకి, డాక్టరుకు మాత్రం పాఠ్యపుస్తకం. ఆ ఎస్సైది సిద్దిపేటే అయినప్పుడు ఇంట్లో అమ్మతో ఎలా మాట్లాడతాడు? అతనికీ "ఎప్పటి సంది కనవడ్త లేదు?" అని రాయించాను. నవ్వు తగ్గలేదు సరికదా, దొంగ మీది జాలి కాస్త తగ్గింది.

అంతా సర్దుకుని లేస్తూ మిత్రుడు గుమ్మంలో ఆగాడు.

"చివర్లో బర్రె దొరికి అరుస్తుంది. స్టూడియోలో ఉన్న అరుపు కోనసీమలో రికార్డు చేసిందట. ఫరవాలేదా?"