ద్రవ్యోల్బణం గారి పదవీ విరమణ

1992లో ఆదాయపు పన్ను శాఖ కొలువులో చేరిన ద్రవ్యోల్బణం గారు 2024 జూలై 23, మంగళవారం నాడు, బడ్జెట్ ప్రసంగం సాగుతుండగానే రిటైరయ్యారు. శాలువా లేదు, దండ లేదు. స్థలం అమ్మేవాడు తన పాత కొనుగోలు ధరను నేటి రూపాయల్లోకి మార్చుకుంటుంటే పక్కన నిలబడి లెక్క చెప్పడం ఆయన ఉద్యోగం. దాని పేరే ఇండెక్సేషన్. ఇకపై ఆ పని అక్కర్లేదట. పన్ను 20 నుంచి 12.5 శాతానికి దించాం కదా అన్నారు.

జనం గోల పెట్టారు. దాంతో ఆగస్టులో లోక్‌సభలో సవరణ తెచ్చి పెద్దాయన్ని మళ్లీ పిలిచారు. మన రాష్ట్రాల్లో రిటైరైన అధికారిని సలహాదారుగా తెచ్చి కూర్చోబెట్టినట్టే. కాకపోతే కొన్ని షరతులున్నాయి: జూలై 23కు ముందు కొన్నవాళ్ల గుమ్మమే తొక్కాలి. వాళ్లు వ్యక్తులో, హిందూ అవిభక్త కుటుంబమో అయ్యుండాలి. ఇండియాలో నివాసం ఉండాలి.

ఆయన డ్యూటీ ఎలా ఉంటుందో చూద్దాం. గుంటూరు శివార్లలో అన్నదమ్ములిద్దరు 2011 జూన్‌లో పక్కపక్క ప్లాట్లు చెరో 20 లక్షలకు కొన్నారనుకోండి. 2024లో, ఈ సవరణ తర్వాత, చెరో 45 లక్షలకు అమ్మారు. అన్న గుంటూరులోనే ఉంటాడు కాబట్టి పెద్దాయన ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కొన్న ఏటి సూచీ 184, అమ్మిన ఏటిది 363. ఇరవై లక్షల్ని 363తో గుణించి 184తో భాగిస్తే దాదాపు 39 లక్షల 46 వేలు. అంటే అన్నకు నిజంగా మిగిలింది ఐదున్నర లక్షల పైచిలుకే. దాని మీద 20 శాతమంటే సుమారు లక్షా 11 వేలు. కొత్త పద్ధతిలోనైతే 25 లక్షల మీద 12.5 శాతం, అంటే 3 లక్షల 12 వేల 500. రెండింట్లో ఏది తక్కువైతే అదే కట్టమన్నారు. అన్న బతికిపోయాడు.

తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. పెద్దాయన గోడ దాకా వచ్చి ఆగిపోయారు. "నీకు ధరలు పెరగలేదు నాయనా, 3 లక్షల 12 వేల 500 కట్టు" అన్నారు. గోడకు ఇవతల రూపాయి కరిగింది, అవతల గట్టిగా ఉంది!

వీళ్ల బావమరిది కథ ఇంకా బాగుంటుంది. 50 లక్షల ప్లాటు సోమవారం, 22న రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సినవాడు. సర్వర్ డౌన్. మంగళవారం అయింది. ఆ ఒక్క రాత్రితో ఆయనకూ ద్రవ్యోల్బణానికీ శాశ్వతంగా చెల్లు. మర్నాడు టమాటాలవాడికి ఈ సంగతి చెప్పి చూశాడట, వాడు గెజిట్ చదవలేదు.

పైగా 24 నెలలు దాటేదాకా ఆయన అమ్మకూడదు. ముందే అమ్మితే అది స్వల్పకాలిక లాభం. జీతంతో కలిసిపోయి, ఆయన స్లాబును బట్టి 30 శాతం దాకా పోతుంది. సరే, ఓపిక పట్టాడు. ఆ గడువు దాటాక మాత్రం ఓపికకు విలువ లేదు. 25 నెలలు ఉంచుకున్నా, 25 ఏళ్లు ఉంచుకున్నా ఒకే కొలత. ఊళ్లో బియ్యం నుంచి బంగారం దాకా అన్నీ రెట్టింపయ్యాయి, ప్లాటూ కోటి అయింది అనుకోండి. అమ్మాడు. చట్టం దృష్టిలో లాభం 50 లక్షలు, పన్ను ఆరుంపావు లక్షలు. చేతిలో మిగిలినదానితో వెనక్కి తిరిగి అదే ప్లాటు కొందామంటే ఆరుంపావు లక్షలు తక్కువ. వాడికొచ్చిన లాభమేదో చూపించండి!

దీన్ని లాభం మీద పన్ను అనకండి. ఇది అసలు మీద పన్ను. కోకాపేటలో ఏడేళ్లకు ఐదింతలైన భూమివాడికి ఈ 12.5 శాతం నిజంగా వరమే, కాదనను. మెల్లగా పెరిగిన భూమి, కూతురి పెళ్లికని దాచుకున్న ప్లాటు, వీటి మీదే దెబ్బ. ఆ మాట అడిగితే ఆదాయపు పన్ను శాఖ ఏమందో గుర్తుందా? స్థిరాస్తి మీద రాబడి సాధారణంగా ఏటా 12 నుంచి 16 శాతం ఉంటుందట, కాబట్టి అత్యధికులకు ఆదాయే అట. గుంటూరు అన్నదమ్ములకు పదమూడేళ్లలో వచ్చింది ఏటా ఆరున్నర శాతం కూడా లేదు. ఉద్యోగులకు కరువు భత్యం పెంచేటప్పుడు ధరలు పెరిగాయని ఇదే ప్రభుత్వం ఒప్పుకుంటుంది. పన్ను దండుకునేటప్పుడు మాత్రం పెరగలేదంటుంది. సిగ్గుండాలి!

12.5 శాతమే ఉంచండి, 20 అయినా కడతాం. కొన్న ధరను మాత్రం అమ్మిననాటి రూపాయల్లో రాసుకోనివ్వండి, డల్లాస్ తమ్ముడితో సహా.