విత్ డ్యూ రెస్పెక్ట్, ఐ లవ్ యూ

తెలుగు కుర్రాడికి ఇంగ్లీషు రాదని ఎవరన్నారు? వస్తుంది, బ్రహ్మాండంగా వస్తుంది. కాకపోతే వాడికి వచ్చింది పైవాళ్లను ఏదో ఒకటి అడుక్కునే ఇంగ్లీషు. జ్వరం వచ్చింది, రెండు రోజులు సెలవు ఇప్పించండని హెడ్మాస్టరుకి రాశాడు. ఉద్యోగం ఇప్పించండని కంపెనీకి రాశాడు. జీతం పెంచండని మేనేజరుకి రాశాడు. ఇన్నేళ్లు 'ఐ బెగ్ టు స్టేట్' అని రాసిన చేత్తోనే ఒక రాత్రి డేటింగ్ యాప్ తెరిచి, ముక్కూమొహం తెలియని పుణే అమ్మాయికి సరసంగా నాలుగు ముక్కలు రాయబోతాడు. తయారయ్యేది దరఖాస్తు.

ఇద్దరూ హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేస్తున్నారనుకోండి. ఆ అమ్మాయికి తెలుగు రాదు. ఇతగాడికి మరాఠీ రాదు, హిందీ ఆటోవాళ్లతో బేరం దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఇంగ్లీషే దిక్కు. అమ్మాయి ఫొటోలో లోనావలా వర్షం, తడిసిన రెయిన్‌కోటు, చేతిలో సగం మాడిన మొక్కజొన్న పొత్తు, మొహంలో కప్పు గెలిచినంత గర్వం. మనవాడు అరగంట ఆలోచించి, అక్షరదోషాలు సరిచూసి, ఇలా పంపుతాడు:

'హాయ్ డియర్, గుడ్ ఈవెనింగ్. మైసెల్ఫ్ ఫలానా, బేసికల్లీ ఫ్రమ్ గుంటూరు. ఐ హోప్ దిస్ మెసేజ్ ఫైండ్స్ యూ ఇన్ గుడ్ హెల్త్. ఐ యామ్ వెరీ మచ్ ఇంప్రెస్డ్ బై యువర్ బ్యూటిఫుల్ స్మైల్. కైండ్లీ రిప్లై.'

కింద 'యువర్స్ ఒబీడియెంట్లీ' ఒక్కటే తక్కువ. ఆ అమ్మాయికీ ఇంగ్లీషు రెండో భాషే. ఆవిడా చిన్నప్పుడు ఇవే సెలవు చీటీలు రాసి పాసైంది. అందుకే వాసన ఇట్టే పట్టేస్తుంది. ముందు బ్యాంకువాళ్లు కేవైసీ అడుగుతున్నారనుకుంటుంది. 'డియర్' దగ్గరికొచ్చేసరికి మోసగాడేమోనని అనుమానిస్తుంది. ఆ తర్వాత ఏమీ అనుకోదు, ఎందుకంటే అప్పటికే బ్లాక్ చేసేసి ఉంటుంది.

ఇక్కడ మనవాడు తేల్చేది ఒకటే: 'నా ఇంగ్లీషు చాల్లేదు.' వెంటనే ఇంకాస్త బరువైన మాటల కోసం పరుగెడతాడు. బ్యూటిఫుల్ పోయి మెస్మరైజింగ్ వస్తుంది, దాని పక్కన ఎన్‌చాంటింగ్ చేరుతుంది. మన దేశంలో ఇంగ్లీషు బరువుతో ఎదుటివాణ్ణి పడగొట్టవచ్చన్న నమ్మకానికి మూలపురుషుడు గిరీశం. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నుంచి ఇప్పటిదాకా ఆయన శిష్యపరంపర తెగలేదు. అయితే శిష్యులు గురువుగారి అసలు కిటుకు గమనించలేదు. ఆయన ఇంగ్లీషు గుమ్మరించింది వెంకటేశం మీద. బుచ్చమ్మ మనసు కరిగించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆవిడకు అర్థమయ్యే ఇంటిమాటల్లోకి, కథల్లోకి దిగిపోయాడు. వంచకుడికి కూడా తెలిసిన రహస్యం ఇది: డాబు చూపించేది శిష్యుల దగ్గర, పిల్లతో మాట్లాడేటప్పుడు మామూలు మాటలే.

ఇంకో తెగ ఉంది. వీళ్లు పాఠ్యపుస్తకం మూసేసి రీల్స్ తెరుస్తారు. అక్కడ అమెరికావాడి అరిగిపోయిన చమత్కారాలు వందల్లెక్కన దొరుకుతాయి. 'ఆర్ యూ ఎ పార్కింగ్ టికెట్?' అని పంపుతాడొకడు, 'ఫైన్' మీద ఆడే శ్లేష అది. మన అమ్మాయికి పొద్దునే ట్రాఫిక్ పోలీసుల చలానా వచ్చి ఉంటుంది. ఆ ముక్క చూడగానే కట్టాల్సిన వెయ్యి రూపాయలు గుర్తుకొస్తాయి, ప్రేమ గుర్తుకు రాదు. సెలవు చీటీ అయినా, రీల్స్ సరుకైనా జబ్బు ఒకటే. అందులో ఆ అమ్మాయి లేదు. పేరు మార్చి ఎవరికైనా పంపొచ్చు. అలా పంపుతారు కూడా, ఒక్కోసారి పేరు మార్చడం మరిచిపోయి.

ఇప్పుడు అదే ఫొటో మళ్లీ చూడండి. ఆ అమ్మాయి నవ్వును ఇప్పటికి చాలామంది పొగిడేసి ఉంటారు. ఆ మాడిన పొత్తును ఎవరూ పట్టించుకుని ఉండరు. కాబట్టి ఇలా రాయొచ్చు: 'దట్ కార్న్ ఈజ్ బర్న్‌ట్. వై డూ యూ లుక్ సో ప్రౌడ్?' అంతే. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు. అయినా ఇందులో మూడు పనులు జరిగిపోయాయి. ఫొటో నిజంగా చూశాడని తెలిసింది. ఏడిపించాడు, కానీ ఏడిపించింది పొత్తును, ఆవిడ ఒంటినో రంగునో కాదు. చివర్న ఇట్టే జవాబివ్వగలిగే ప్రశ్న ఉంది. 'టెల్ మీ సమ్‌థింగ్ అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చోబెట్టినట్టు. మాడిన పొత్తుతో అంత గర్వమెందుకంటే బస్సులో నిలబడి కూడా జవాబివ్వొచ్చు.

ఆవిడ 'బర్న్‌ట్ ఈజ్ ద బెస్ట్ పార్ట్' అని రాసిందనుకోండి. సగం మంది ఇక్కడే మునుగుతారు. దారిన పడిన మాటను వదిలేసి 'నైస్. వాట్ ఆర్ యువర్ హాబీస్?' అని మళ్లీ ప్రశ్నపత్రం తీస్తారు. ఆ మాటనే పట్టుకుని నడవాలి: 'ఫైన్, ఐల్ బ్రింగ్ ద లెమన్.' పొత్తు మీద నిమ్మచెక్క రుద్దిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. కలుద్దామని అడగలేదు, కలిసినట్టే ఉంది. ఆవిడకు ఇష్టమైతే ఉప్పూకారం తాను తెస్తానంటుంది. లేకపోతే నవ్వి ఊరుకుంటుంది, ఇద్దరి పరువూ నిలబడుతుంది. సరసమంటే చెప్పకుండా వదిలేసిన ఆ కాస్త చోటే. బరువైన విశేషణాలు ముందుగా ఆక్రమించేది కూడా ఆ చోటునే.

వ్యాకరణం సంగతేమిటంటారా? ఒక 'ద' ఎగిరిపోయినంత మాత్రాన ఏ ప్రేమా చెడదు. చెడగొట్టేది అతిశుభ్రత. నోటితో 'ఐమ్', 'డోంట్' అనేవాడు మెసేజ్‌లో మాత్రం 'ఐ యామ్', 'డూ నాట్' అని ఇస్త్రీ చేసి పంపుతాడు. ఇక ఫుల్‌స్టాప్. అది పెట్టకపోతే మాస్టారు అర మార్కు కోసేవారు కదా, ఇప్పటికీ భయమే. 2015లో అమెరికాలోని బింగామ్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 126 మంది విద్యార్థులతో చిన్న పరీక్ష చేశారు. ఒక్క మాటతో ఇచ్చిన జవాబు చివర చుక్క పెడితే, పెట్టని జవాబు కన్నా అందులో చిత్తశుద్ధి తక్కువగా ఉన్నట్టు చదివినవాళ్లకు అనిపించింది. అవే మాటలు కాగితం మీద చేత్తో రాసి చూపితే ఆ తేడా కనబడలేదు. అంటే ఫోనులో 'ఓకే' పక్కన చుక్క పెట్టినప్పుడల్లా మనవాడు మర్యాద చూపిస్తున్నాననుకుంటాడు, అవతల అలిగాడనుకునే ప్రమాదం ఉంది.

ఇంత చేసినా జవాబు రాకపోవచ్చు. అది ఇంగ్లీషు తప్పు కాదు, ఆ అమ్మాయి ఇష్టం. గంటకో 'హలో?', రాత్రికి రెండు ప్రశ్నార్థకాలు, తెల్లారి 'ఎనీ అప్‌డేట్?' అని వెంటపడేవాడికి ఏ భాషా సాయం చేయదు. ఒక్కసారి రాసి ఊరుకోవడమే మర్యాద.

కాబట్టి బాబులూ, పంపే ముందు రాసింది పైకి చదువుకోండి. ఎదురుగా కూర్చున్న మనిషితో సిగ్గుపడకుండా అనలేని ముక్క ఏది తగిలినా కొట్టేయండి. అలా కొట్టుకుంటూ పోతే చివరికి 'హాయ్' ఒక్కటే మిగిలిందా? అయితే మీరింకా ఆ ఫొటో చూడలేదు. నిఘంటువు పక్కన పెట్టి, ముందు ఆ పని చేయండి.